పొట్టు రాలితే రోగమా?

మొన్న చలికాలంలో కాశీబుగ్గలో కొబ్బరినూనె మిల్లు నడుపుతున్న ఒక షావుకారు నా దగ్గరికి వచ్చాడు. పసిపిల్లల ఒంటికి రాసే నూనె అని కొత్తగా సీసా వేస్తున్నాడు. లోకల్ కేబుల్‌కి నలభై సెకన్ల ప్రకటన కావాలి, ఆటో మైకులో పలాస నుంచి మందస దాకా తిప్పడానికీ అదే పనికిరావాలి. చేతిలో అప్పటికే ఒక కాగితం ఉంది. ఎవరో రాసిచ్చారు, నేను కాస్త సానబెడితే చాలన్నాడు.

కాగితం మీద ఇలా ఉంది: "మీ పాపాయి చర్మం ఎండిపోతోందా? పొట్టు రాలుతోందా? జాగ్రత్త! ఈ రోజు మీ నిర్లక్ష్యం రేపు మీ బిడ్డకు శాపం కావచ్చు. డాక్టర్లు సిఫారసు చేసిన, డెర్మటాలజికల్లీ టెస్టెడ్, వందశాతం సురక్షితం, రసాయనాలు లేని స్వచ్ఛమైన ఉద్దానం కొబ్బరినూనె. మీ బిడ్డకు మీరు ఇవ్వగల రక్షణ కవచం."

ఇది నేను రాయనన్నాను. ఆయన నొచ్చుకోలేదు, నవ్వాడు. "భయపెట్టకపోతే ఎవులు కొంటారు మాస్టారూ? తల్లి గుండెలో ఒక్క ముల్లు దిగాల. అప్పుడే సీసా కదుల్తాది."

ఈ మాట ఆయన ఒక్కడిదే కాదు. ప్రకటనలు రాసేవాళ్ళలో పదిమందిని అడిగితే తొమ్మిదిమంది ఇదే అంటారు. పిల్లల సరుకంటే భయంతోనే అమ్మాలి, భయం తర్వాత భరోసా, ఆ భరోసాకి "నిరూపితం" అని ఒక ముద్ర. ఇదొక వ్యాపార సూత్రమైపోయింది. ఈ సూత్రం తప్పని నేనంటున్నాను. నీతి పాఠం చెప్పడానికి కాదు. పసిపిల్లల సరుకు దగ్గర ఈ సూత్రానికి కాలే లేదు, అందుకని.

ముందు ఆ మొదటి ప్రశ్న చూడండి: పొట్టు రాలుతోందా? రాలుతుంది. నెలలు నిండి పుట్టిన బిడ్డకు, మరీ గడువు దాటి పుట్టిన బిడ్డకు, మొదటి రెండు మూడు వారాల్లో ఒంటిమీద పలచగా పొరలు లేస్తాయి. చీలమండల దగ్గర, మణికట్టు దగ్గర, అరికాళ్ళలో ఎక్కువగా కనబడుతుంది. తొమ్మిది నెలలు ఉమ్మనీటిలో, చివరి నెలల్లో తెల్లటి వెన్నలాంటి పూత కింద ఉన్న చర్మం అది. బయటికొచ్చి గాలి తగిలాక పై పొర ఎండి ఊడిపోతుంది, కింద కొత్త పొర అప్పటికే తయారుగా ఉంటుంది. నూనె రాసినా ఊడుతుంది, రాయకపోయినా ఊడుతుంది. రెండో మూడో రోజున దోమ కుట్టినట్టు ఎర్రటి మచ్చలు, మధ్యలో చిన్న తెల్ల చుక్కతో, పొద్దున ఛాతీమీద, సాయంత్రానికి వీపుమీద తేలతాయి. వారం రెండు వారాల్లో అవీ వాటంతటవే పోతాయి. పురుళ్ళు చూసిన ఏ ఏఎన్ఎమ్మును అడిగినా ఇది చెబుతుంది.

అంటే ఆ కాగితం చేసిందేమిటి? దాదాపు ప్రతి బిడ్డకూ జరిగేదాన్ని పట్టుకుని దానికి రోగమని పేరు పెట్టింది. కాబట్టి ప్రకటన విన్న ప్రతి తల్లీ బిడ్డ కాలు చూసుకుంటుంది, చూసినప్పుడల్లా ప్రకటన నిజమే చెప్పిందనిపిస్తుంది. ఈ తెలివిని మెచ్చుకోవచ్చు. కానీ ఆ రోగానికి మందు తన దగ్గరుందని కూడా అంటోంది కదా, అదెంతవరకు నిజం?

2020లో లాన్సెట్ పత్రికలో ఇంగ్లండు పరిశోధకుల అధ్యయనం ఒకటి వచ్చింది. అలర్జీలున్న కుటుంబాల్లో పుట్టిన 1,394 మంది పిల్లల్ని తీసుకున్నారు. సగం మందికి ఏడాది పాటు రోజూ ఒంటికి మాయిశ్చరైజర్ రాయమన్నారు, మిగతా సగానికి మామూలు జాగ్రత్తలే చెప్పారు. రెండేళ్ళ వయసులో చూస్తే ఎగ్జిమా అన్న చర్మరోగం, రాసిన వాళ్ళలో నూటికి 23 మందికి, రాయని వాళ్ళలో 25 మందికి ఉంది. లెక్క ప్రకారం అది తేడా కిందికి రాదు. పైగా రాసిన పిల్లల్లో చర్మానికి ఇన్ఫెక్షన్లు కొంచెం ఎక్కువే వచ్చాయి. ఆ పిల్లలకు రాసింది కొబ్బరినూనె కాదు, ఒప్పుకుంటాను. కానీ "రోజూ పూత పూస్తే రేపటి చర్మరోగం ఆగుతుంది" అన్న ఊహని నిలబెట్టి పరీక్షిస్తే నిలబడలేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో ఇచ్చిన బాలింత, శిశు సంరక్షణ సిఫారసుల్లో కూడా నెలలు నిండి ఆరోగ్యంగా పుట్టిన బిడ్డకు చర్మసమస్యలు రాకుండా ఉండేందుకని రోజూ నూనెలూ క్రీములూ పూయడాన్ని సిఫారసు చేయలేదు.

"అయితే నూనె రాయొద్దంటావా?" అన్నాడు షావుకారు. రాయొద్దని కాదు. మన ఇళ్ళలో రాస్తారు, రాస్తూనే ఉంటారు. పురుడు పోసుకున్న ఇంట్లో పొద్దున్నే కాళ్ళు చాపుకుని, బిడ్డను కాళ్ళమీద పడుకోబెట్టి, గోరువెచ్చని నూనె రాసి నీళ్ళు పోయడం ఒక ముచ్చట. ఆ ముచ్చటకి నూనె కావాలి. "రాయకపోతే శాపం" అనడానికి మాత్రం వీల్లేదు.

ఇక భయం పనిచేస్తుందా లేదా అన్నది. ఇక్కడ నా పక్షం వాళ్ళు సాధారణంగా ఒక పాత ప్రయోగాన్ని చూపిస్తారు. 1953లో అమెరికాలో జానిస్, ఫెష్‌బాక్ అనే ఇద్దరు పరిశోధకులు హైస్కూలు పిల్లలకు పళ్ళ శుభ్రత గురించి మూడు రకాలుగా పాఠం చెప్పించారు. ఒక గుంపుకు కుళ్ళిన చిగుళ్ళ బొమ్మలతో హడలగొట్టి, ఒక గుంపుకు మధ్యస్తంగా, ఒక గుంపుకు నెమ్మదిగా. వారం తర్వాత ఎవరు అలవాటు మార్చుకున్నారని చూస్తే, హడలిన గుంపులో నూటికి 8 మంది, నెమ్మదిగా విన్న గుంపులో 36 మంది. దీన్ని పట్టుకుని "భయం పనిచేయదు" అనేస్తే సులువుగా గెలవచ్చు. కానీ ఆ గెలుపు నాకొద్దు. తర్వాత అలాంటి ప్రయోగాలు వందకు పైగా జరిగాయి. 2015లో వాటన్నిటినీ, ఇరవైఏడు వేల మందికి పైగా జనాన్ని, ఒకచోట కూర్చి చూస్తే భయం మొత్తం మీద పనిచేస్తుందనే తేలింది. షావుకారు నమ్మకం అంతవరకు తప్పు కాదు.

కాకపోతే అదే లెక్కలో ఇంకో సంగతి ఉంది. భయంతో పాటు ఏం చేస్తే గట్టెక్కుతారో చెప్పినప్పుడు, అదీ ఒక్కసారి చేసేసే పని అయినప్పుడు, అది బాగా పనిచేసింది. టీకా వేయించుకోవడం లాంటిదన్నమాట. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను మన తీరానికొచ్చిన రోజు గుర్తుతెచ్చుకోండి. ముందురోజు "ఇళ్ళు ఖాళీ చేయండి, షెల్టరుకి పొండి" అని మైకులో అరిచినవాడు భయపెట్టలేదా? పెట్టాడు. పెట్టడమే న్యాయం. ప్రమాదం నిజం, చెప్పిన దారి నిజం, నడవగలిగిన దూరం. ఈ మూడూ ఉన్నప్పుడు భయానికి ఒక గౌరవం ఉంది. నూనె ప్రకటనలో ఏముంది? పొట్టు రాలడం ప్రమాదం కాదు, నూనె దాన్ని ఆపదు. అందుకే ఇక్కడ భయాన్ని వాడుకోవాలంటే ముందు దాన్ని తయారుచేయాలి. ఉన్న ప్రమాదాన్ని చెప్పడానికీ, లేనిదాన్ని తయారుచేసి అమ్మడానికీ ఒకే సూత్రమని ఎవరన్నా నేను ఒప్పుకోను.

ఊరు కూడా చూడాలి. ఇది ఉద్దానం. కవిటి, సోంపేట, కంచిలి, వజ్రపుకొత్తూరు, మందస, పలాస పల్లెల్లో కిడ్నీ జబ్బు లేని వీధి వెతకాలి. ఎందుకొస్తోందో ఇదీ అని ఇప్పటికీ తేలలేదు. నీళ్ళా, ఎండలో పనా, పురుగుమందులా, మరోటా అని ఇన్నేళ్ళుగా వెతుకుతూనే ఉన్నారు. పలాసలో రెండొందల పడకల కిడ్నీ ఆసుపత్రి, పరిశోధన కేంద్రం 2023 డిసెంబరు 14న తెరిచారు. హిరమండలం నుంచి వంశధార నీళ్ళు గొట్టాల్లో తెచ్చారు. అయినా బిందె ఎత్తేటప్పుడు ఆలోచన వస్తుంది. అలాంటి చోట "రసాయనాలు" అన్న మాట వట్టి మాట కాదు. డయాలసిస్‌కి తిరిగే మామని ఇంట్లో పెట్టుకున్న కోడలి చెవిలో "రసాయనాలు లేని" అని ఊదితే ఆమెకు సబ్బులూ పౌడర్లూ గుర్తురావు. పచ్చి పుండు మీద వేలు పెట్టినట్టే. పైగా ఆ మాట అబద్ధం కూడా. కొబ్బరినూనెలో దాదాపు సగం లారిక్ ఆమ్లం, అదీ రసాయనమే. వాసన, రంగు, లిక్విడ్ పారఫిన్ కలపలేదని చెప్పాలంటే అలాగే చెప్పొచ్చు. వినేవాళ్ళకి అర్థమవుతుంది, ఎవరైనా పరీక్ష చేయిస్తే నిలబడుతుంది కూడా.

లేని భయంతో అసలు నష్టం డబ్బు కాదు. తల్లి చూపు ఒకటే ఉంటుంది. దాన్ని పొట్టు మీదికి తిప్పితే చూడాల్సిన వాటిమీద ఉండదు. బిడ్డ పాలు మానేయడం, ఒళ్ళు వేడెక్కడమో చల్లబడిపోవడమో, ఊపిరి ఎగబీల్చడం, పచ్చదనం అరచేతులకీ అరికాళ్ళకీ దిగడం, చీము పొక్కులు. వీటిలో ఏదొచ్చినా ఆ రోజే ఆసుపత్రికి వెళ్ళాలి. కవచం పూశామన్న ధీమాతో పచ్చబడ్డ బిడ్డను ఇంట్లో ఉంచుకుంటే ఆ ధీమా ఇచ్చినవాడు ఎవడు?

ఇక ముద్రల సంగతి. "డెర్మటాలజికల్లీ టెస్టెడ్" అంటే మా షావుకారికి చర్మ డాక్టర్లు పాస్ చేశారని వినబడింది. చాలా సార్లు జరిగేది ఇది: కొందరు పెద్దవాళ్ళ వీపు మీదో చేతి మీదో సరుకు పూసిన చిన్న పట్టీలు అంటించి, ఒకరోజో రెండు రోజులో ఉంచి, తీసి, ఎర్రబడిందా అని చూస్తారు. ఎర్రబడలేదంటే ఆ పెద్దవాళ్ళకి ఆ రెండు రోజుల్లో మంట పుట్టలేదని అర్థం. పది రోజుల బిడ్డకు ఆరు నెలలు రోజూ రాస్తే ఏమవుతుందో ఆ పట్టీ చెప్పదు. "టెస్టెడ్" అంటే పరీక్ష రాశాడని, పాసయ్యాడని కాదు. మా షావుకారు ఆ పట్టీ కూడా అంటించలేదు. ఇంకొకరి సీసా మీద చూసి రాయించుకున్నాడు.

"డాక్టర్లు సిఫారసు చేసిన" అన్నది ఇంకా తేలిక. ఏ డాక్టరు? వైద్యుల వృత్తి నియమాల ప్రకారం డాక్టరు సరుకుల ప్రచారానికి తన పేరు ఇవ్వకూడదు. అందుకే ప్రకటనల్లో తెల్లకోటు వేసుకుని తలూపేది నటుడు. వినియోగదారుల రక్షణ చట్టం 2019లో వచ్చింది, దాని కింద తప్పుదోవ పట్టించే ప్రకటనల మీద మార్గదర్శకాలు 2022 జూన్‌లో వచ్చాయి. చెప్పుకున్న గుణానికి ఆధారం చూపించాలి. చూపలేకపోతే కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ పది లక్షల దాకా, మళ్ళీ చేస్తే యాభై లక్షల దాకా జరిమానా వేయొచ్చు. కాశీబుగ్గ నూనె మిల్లు దాకా ఢిల్లీ వాళ్ళు వస్తారా అని ఆయన అడిగాడు. బహుశా రారు. కానీ ఇంకో చట్టం ఆయన గుమ్మం దగ్గరే ఉంది. కొబ్బరినూనెను వంటనూనెగా అమ్మితే ఆహార భద్రత లైసెన్సు చాలు. "బేబీ ఆయిల్", ఒంటికి రాసేది అని సీసా మీద అచ్చేస్తే అది కాస్మెటిక్, ఔషధ నియంత్రణ శాఖ నుంచి తయారీ లైసెన్సు కావాలి. దానిమీద "చర్మరోగాలు రానివ్వదు", "ఎముకలు గట్టిపడతాయి" అని రాస్తే మందని చెప్పుకున్నట్టు, అప్పుడు మందుల చట్టం. ఒక్క విశేషణం సరుకు జాతినే మార్చేస్తుంది. ఇది చెప్పాక మొదటిసారి ఆయన కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

పాలసీసాలూ డబ్బాపాలూ అమ్మేవాడైతే నా దగ్గరికి రావాల్సిన పనే లేదనుకోండి. 1992 చట్టం వాటికి ప్రకటనే వద్దంది.

"వందశాతం సురక్షితం" దగ్గర ఆగుదాం. ప్రపంచంలో పసిపిల్లల సరుకంటే జాన్సన్ అండ్ జాన్సన్ పౌడరు, మన పురిటి బుట్టల్లో కూడా. తరాల తరబడి ఆ డబ్బాకి భద్రత అన్న మాట పేరులా అతుక్కుపోయింది. టాల్క్‌లో ఆస్బెస్టాస్ జాడలు, కాన్సరు అంటూ అమెరికాలో వేల కేసులు పడ్డాయి. కంపెనీ తన పౌడరు సురక్షితమేనని ఇప్పటికీ అంటోంది. అంటూనే 2020లో అమెరికా, కెనడాల్లో టాల్క్ పౌడరు ఆపేసింది, 2023లో ప్రపంచమంతటా ఆపేసింది. మన దేశంలో 2022 సెప్టెంబరులో మహారాష్ట్ర అధికారులు నమూనాల్లో పీహెచ్ హద్దు మీరిందని ములుండ్ ఫ్యాక్టరీ లైసెన్సు రద్దు చేశారు. 2023 జనవరిలో బొంబాయి హైకోర్టు ఆ ఉత్తర్వులు కొట్టేసింది. ఎవరిది న్యాయమో ఇక్కడ నేను తేల్చను. నేను చూసేది వేరు. పౌడరు మెత్తగా ఉంటుందని, చెమట పీలుస్తుందని చెప్పి ఊరుకుని ఉంటే ఆ మాట ఈ రోజుకీ నిలబడేది. "సురక్షితం" అన్న మాట అమ్మేవాడి చేతిలో ఉండేది కాదు. అది రేపటి పరీక్షల చేతిలో ఉంటుంది. అంత పెద్ద కంపెనీ మోయలేకపోయిన మాటని కాశీబుగ్గ మిల్లు మోస్తుందా?

అప్పుడు షావుకారు తన చివరి అస్త్రం తీశాడు. "సరే, ఫ్రిజ్జు సూపిద్దాం. సీసా ఫ్రిజ్జులో ఎడితే తెల్లగా గడ్డకడతాది. అసలైన నూనెకి అదే రుజువు. ఇందులో భయం లేదు కదా." భయం లేదు, నిజమూ లేదు. కొబ్బరినూనె 24 డిగ్రీల దగ్గర్లో గడ్డకడుతుంది, నిజమే. పామ్ కెర్నెల్ నూనె కలిపినా గడ్డకడుతుంది. గడ్డ కట్టడం కొబ్బరినూనె గుణం, అందులో ఇంకేదీ లేదనడానికి రుజువు కాదు. రుజువు కావాలంటే ల్యాబుకి పంపి ఫాటీ ఆసిడ్ల లెక్క తీయించాలి. ఆయన పంపాడు, అది వేరే సంగతి.

అయితే ఆ గడ్డ నాకు పనికొచ్చింది. డిసెంబరు తెల్లవారుజామున మన తోటల్లో చలికి నూనె సీసాలో తెల్లబడిపోతుంది. కొత్తగా సీసా కొన్న అమ్మాయి అది చూసి కల్తీ అనుకుని వెనక్కి తెస్తుంది. అంటే ఆమెకు నిజంగానే ఒక సందేహం ఉంది, దానికి నిజమైన జవాబూ ఉంది. భరోసా అంటే నాకు తెలిసి ఇదే. లేని భయాన్ని పెట్టి తీయడం కాదు, వచ్చిన సందేహాన్ని తీర్చడం. అలాంటి సందేహాలు రెండు దొరికాయి, పొట్టు, గడ్డ. ఆ రెండిటి చుట్టూ రాశాను.

ఇది నేనిచ్చిన స్క్రిప్టు. చోటు కొబ్బరి తోటలో పెంకుటింటి వసారా. టైము పొద్దున. మామ్మ జీడిపప్పు ఫ్యాక్టరీలో పిక్కలు కోసే మనిషి. వేళ్ళ చివర జీడి సొన నల్లగా పట్టి ఉంటుంది, తోముకున్నా పోనంత. ఆమె చేతులు కడుక్కుంటూ ఉండగా మొదలవుతుంది. కూతురు బాలింత, బిడ్డకి ఎనిమిదో రోజు.

కూతురు: అమ్మా, ఇల్రా ఓపాలి. గుంట కాళ్ళు సూడు. పొట్టు ఊడిపోతంది. ఏటయ్యిందో ఏటో.

మామ్మ: (చేతులు కడుక్కుంటూనే) ఏటీ అవలేదు. నువ్వు పుట్టినప్పుడూ ఇలగే ఊడినాది. పిక్కకి పొట్టు రాలకండా పప్పు వస్తాదేటి?

కూతురు: (సీసా ఎత్తి చూసి) ఇదేటమ్మా, నూనె గడ్డ కట్టీసినాది?

మామ్మ: సలికి కడతాది. కొబ్బరినూనె కదా. వేణ్ణీళ్ళ గిన్నెలో ఎట్టు, కరుగుతాది. (అరచేతిలో నూనె వేసి రెండు చేతులూ రాసుకుని, బిడ్డ కాలు మీద మెల్లగా) మెల్లిగా. ముక్కులోనా సెవిలోనా ఎయ్యకు.

వెనక గొంతు: ఇది ఉద్దానం కొబ్బరినూనె. వాసన కలపలేదు. రంగు కలపలేదు. ఆడిన తేదీ సీసా మీద ఉంది. రాసిన చోట ఎర్రబడితే రాయడం ఆపేయండి. బిడ్డ పాలు తాగకపోయినా, ఒళ్ళు కాలినా, నూనెతో చూడకండి, ఆసుపత్రికి తీసుకెళ్ళండి. సందేహముంటే మీ ఇంటికొచ్చే ఆశా కార్యకర్తని అడగండి.

మామ్మ: (బిడ్డతో) ఓలమ్మ, నవ్వుతంది సూడే!

కూతురు: ఎనిమిది రోజులకే నవ్వేటమ్మా, గ్యాసు.

అంతే. షావుకారు చదివి, "ఇందులో మన సరుకు గొప్ప ఏదీ?" అన్నాడు. ఆయన అన్నదాంట్లో పాయింటు ఉంది, కొట్టిపారేయను. గొప్ప చెప్పలేదు, గుణం చెప్పాను. కలిపిన వాసన లేదు, కలిపిన రంగు లేదు, తేదీ ఉంది. ఈ మూడూ కొన్నామె ఇంటికెళ్ళి సీసా పట్టుకుని చూసుకోగలదు. తేదీ మరీ ముఖ్యం. కొబ్బరినూనె పాతబడితే కనురు వాసన వేస్తుంది, కనురెక్కిన నూనె పిల్లకి రాయాలని ఎవరికుంటుంది? మిల్లు మన ఊళ్ళోనే ఉండి, నెల తిరక్కుండా ఆడిన నూనె ఇవ్వగలగడం పెద్ద కంపెనీలకి లేని బలం. దాన్ని వదిలేసి వాళ్ళ దగ్గర అరువు తెచ్చుకున్న "టెస్టెడ్" ఎందుకు?

"ముక్కులో చెవిలో వేయకు" అన్న మాట తీసేయమన్నాడు, అదీ భయపెట్టడమే కదా అని. ఇదే మనవాళ్ళు కలిపేసే చోటు. బిడ్డ ముక్కులో నూనె చుక్కలు వేసే అలవాటు మన పల్లెల్లో ఉంది. అది ఊపిరితిత్తుల్లోకి దిగితే ఒక రకం నిమోనియా వస్తుంది, పిల్లల డాక్టర్లు చూస్తూనే ఉంటారు. ఇది ఉన్న ప్రమాదం, తప్పించుకునే దారి ఒక్క మాటలో ఉంది, దానికి ఖర్చు లేదు. పైగా మామ్మ అన్న తీరు చూడండి. "ఎయ్యకు" అంది, అంతే. నిమోనియా అనలేదు, బిడ్డ ఏమైపోతుందో చెప్పలేదు. భయం మాటలో ఉండదు, మాట వెనక వాయించే సంగీతంలో, వాక్యం చివర పెట్టే మూడు చుక్కల్లో, "జాగ్రత్త!" తర్వాత వచ్చే నిశ్శబ్దంలో ఉంటుంది. ఇదే వాక్యాన్ని హోరెత్తే డప్పుతో చదివిస్తే బెదిరింపవుతుంది. అందుకే స్క్రిప్టు అంచున రాశాను: సంగీతం వద్దు, గిన్నె చప్పుడు, కాకి అరుపు చాలు.

చేతులు కడుక్కోవడం ఊరికే పెట్టలేదు. జీడి సొన చర్మాన్ని కాలుస్తుంది. పిక్కలు కోసే ఆడవాళ్ళ వేళ్ళు చూసినవాళ్ళకి చెప్పక్కర్లేదు. ఆ చేత్తో పసిదాన్ని ముట్టుకోకూడదని మా మామ్మలకి ఎవరూ ప్రకటన చేసి చెప్పలేదు, వాళ్ళకి తెలుసు. ఆ తెలివిని తెరమీద చూపిస్తే చూసే ఆడమనిషి తనని తెలియనిదానిలా చూడలేదని గ్రహిస్తుంది. భయపెట్టే ప్రకటనల్లో తల్లి ఎప్పుడూ తప్పు చేయబోతున్న మనిషి. సీసా వచ్చి ఆపుతుంది. ఇక్కడ తప్పు చేయబోతున్న వాళ్ళెవరూ లేరు.

ఆశా కార్యకర్తను ఎందుకు ఇరికించావని అడిగాడు. ఆసుపత్రిలో పురుడైన బిడ్డను చూడటానికి ఆమె మూడో రోజు, ఏడో రోజు, ఆ తర్వాత పద్నాలుగు, ఇరవై ఒకటి, ఇరవై ఎనిమిది, నలభై రెండో రోజు ఇంటికి రావాలి. ఆ సందర్శన బిడ్డకి హక్కు. దాన్ని గుర్తుచేసే సీసా అంటే ఊళ్ళో మర్యాద ఉంటుందా ఉండదా? నూనె అమ్మేవాడు తన హద్దు చెప్పుకుంటే మిగతా మాట నమ్ముతారు. ఇది నా నమ్మకం, లెక్క కాదు. సీసాలు ఎక్కువ కదుల్తాయని నేను ఆయనకి హామీ ఇవ్వలేదు. అదీ రుజువు లేని మాటే అవుతుంది. ఒక్కటి మాత్రం అన్నాను. బిడ్డకి నూనె నెలల తరబడి కొంటారు. పొట్టు భయంతో మొదటి సీసా కొన్న తల్లికి పదిహేను రోజుల్లో పొట్టు పోతుంది, దాంతో భయమూ పోతుంది. రెండో సీసా ఎందుకు కొనాలి? అప్పుడు కొత్త భయం కావాలి, ఎముకలో, రంగో. అలా ఎన్ని రాయించుకుంటారు షావుకారూ?

ఆయన కాసేపు ఏమీ అనలేదు. చివరికి, "డాక్టరు బొమ్మైనా ఓ మూల ఎట్టనా?" అన్నాడు. వద్దన్నాను.

రికార్డింగుకి మామ్మ గొంతు కోసం విశాఖ నుంచి ఆర్టిస్టుని తెద్దామన్నారు. నేను ఒప్పుకోలేదు. మా వీధిలోనే పిక్కలు కోసే ఒకావిడ ఉంది, ముగ్గురు మనవల్ని పెంచింది, ఆవిడని తీసుకెళ్ళాం. చదువు రాదు, నేను చదివి వినిపిస్తే వెంటనే పట్టేసింది. రెండు టేకులు అయ్యాక ఆగి, వెనక గొంతు వాక్యాలు కూడా ఓసారి చదవమంది. విని, "రాసిన సోట ఎర్రబడితే ఆపీమన్నారు, బాగుంది. మరి ఏ నూనె రాయకపోయినా పిల్ల పెరుగుతాది కదా, అది సెప్పరేటి?" అంది.

స్టూడియోలో షావుకారు నా మొహం చూశాడు, నేను ఆయన మొహం చూశాను. ఆ వాక్యం ప్రకటనలో లేదు. ఆవిడకి మాత్రం ఆ రోజు కూలితో పాటు ఒక సీసా ఇచ్చాం, తేదీ చూసి తీసుకుంది.